క్యాష్‌లెస్ అయినా చేతి డబ్బు ఎందుకు పడుతుంది: ఆసుపత్రి బిల్లును వరుస వరుసగా సరిచూసుకోవడం ఎలా?

"క్యాష్‌లెస్ అప్రూవల్ వచ్చిందన్నారు, మళ్లీ ముప్పై వేలు కట్టమంటున్నారేంటండీ?" అని డిశ్చార్జ్ రోజు అడిగేవాళ్లు చాలామంది. ప్రశ్న ఎప్పుడూ ఇదే, అంకె మాత్రం మారుతుంటుంది.

ఆ ముప్పై వేలు ఎలా వచ్చిందంటే, బిల్లింగ్ కౌంటర్లో ఒక తీసివేత చేస్తారు. మొత్తం బిల్లులోంచి ఇన్సూరెన్స్ కంపెనీ ఇస్తానన్నది తీసేసి, మిగిలింది మీదేనంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ కంపెనీ పెట్టిన కోతల్లో రెండు రకాలుంటాయి. కొన్ని మీ పాలసీ షరతుల వల్ల పడతాయి. అవి మీరే కట్టాలి. మిగతావి ఆసుపత్రికీ కంపెనీకీ మధ్య ఉన్న రేట్ల ఒప్పందం వల్ల పడతాయి. అవి ఆసుపత్రి వదులుకోవాల్సినవి. కౌంటర్లో చేసే తీసివేత ఈ రెండింటినీ కలిపేసి మీ నెత్తిన పెడుతుంది. వాటిని విడదీయడం ఎలాగో ఇక్కడ చెబుతాను.

ఇది ప్రైవేటు హెల్త్ ఇన్సూరెన్స్‌తో, ఆ కంపెనీ నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రిలో క్యాష్‌లెస్ మీద చేరినవాళ్ల కోసం. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రికి రేట్ల ఒప్పందం ఉండదు కాబట్టి, ఇందులో సగం వాదనలు అక్కడ పనిచేయవు. తెలంగాణ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరినవాళ్ల దారి వేరు. ఆ పథకాల్లో ఉన్న చికిత్సకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

ఉదాహరణగా ఒక కేసు తీసుకుందాం. పిత్తాశయంలో రాళ్లకు లాప్రోస్కోపీ ఆపరేషన్. పాలసీ 3 లక్షలది. గది అద్దె రోజుకు పాలసీ మొత్తంలో 1 శాతం, అంటే 3,000 వరకే. కో-పే, అంటే కంపెనీ ఒప్పుకున్న మొత్తంలో రోగి భరించాల్సిన వాటా, 10 శాతం. రోగి తీసుకున్నది రోజుకు 4,500 ఉన్న సింగిల్ రూమ్. చేరేటప్పుడు 20,000 డిపాజిట్ కట్టారు. అంకెలు లెక్క తేలిగ్గా తెలియడానికి నేను వేసుకున్నవి. మీ ఊళ్లో రేట్లు వేరుగా ఉంటాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- వస్తువు వస్తువుకీ తేదీ, సంఖ్య, ధర ఉన్న డీటెయిల్డ్ బిల్లు. ఒక పేజీ సమ్మరీ బిల్లు చాలదు.
- చేరేటప్పుడు ఇచ్చిన ఎస్టిమేట్, ప్యాకేజీలో ఏమేం కలిసి ఉన్నాయో రాసిన కాగితం.
- ఇన్సూరెన్స్ కంపెనీ లేదా దాని తరఫున క్లెయిములు చూసే టీపీఏ పంపిన అప్రూవల్ లెటర్లన్నీ. మొదటిదీ, చివరిదీ రెండూ కావాలి.
- పాలసీ డాక్యుమెంటు. అందులో రెండు చోట్లు ముఖ్యం: మొదట్లో గది అద్దె, కో-పే రాసిన షెడ్యూలు, చివర్లో చెల్లించని వస్తువుల జాబితా.
- డిపాజిట్ రసీదులు, వాపసు ఇచ్చిన మందుల స్లిప్పులు, డిశ్చార్జ్ సమ్మరీ.

1. డబ్బు కట్టక ముందే డీటెయిల్డ్ బిల్లు చేతిలోకి తీసుకోండి

డిశ్చార్జ్ ముందు రోజు సాయంత్రమే బిల్లింగ్‌లో "ఇప్పటిదాకా అయిన బిల్లు, బ్రేకప్‌తో ఇవ్వండి" అని అడగండి. వివరంగా రాసిన బిల్లు పొందడం రోగుల హక్కుల పత్రంలో ఉన్న హక్కే. సాయంత్రం పూట కౌంటర్లో కాస్త ఖాళీ ఉంటుంది, మీకూ తీరిక ఉంటుంది. మర్నాడు మధ్యాహ్నం, ఇంటికెళ్లే తొందరలో, వెనక పదిమంది నిలబడి ఉండగా చదివితే ఏదీ కనిపించదు.

"క్యాష్‌లెస్ కేసులకు డీటెయిల్డ్ బిల్లు మీకు ఇవ్వం, ఇన్సూరెన్స్‌కే పంపుతాం" అంటే ఒప్పుకోకండి. కంపెనీకి పంపిన బిల్లు కాపీయే కావాలని అడగండి. అసలు అదే మంచిది. ఎందుకంటే మీకిచ్చిన బిల్లూ కంపెనీకి వెళ్లిన బిల్లూ ఒకటేనో కాదో కూడా తెలిసిపోతుంది.

మన కేసులో బిల్లు ఇలా ఉంది:

- ఆపరేషన్ ప్యాకేజీ, సింగిల్ రూమ్, 2 రాత్రులు: 80,000
- అదనంగా ఉన్న ఒక రోజు గది అద్దె: 4,500
- ఆ రోజు నర్సింగ్ 600, డాక్టర్ విజిట్ 900
- అల్ట్రాసౌండ్ 1,400, బయాప్సీ 1,800
- మందులు: 4,300
- కన్స్యూమబుల్స్, అంటే గ్లవ్స్, క్లిప్పుల్లాంటి ఒకసారి వాడే వస్తువులు: 4,700
- రిజిస్ట్రేషన్, ఫైలు 500. మెడికల్ రికార్డ్స్ 300
- మొత్తం: 99,000

2. ముందు గది చూడండి, తర్వాతే మిగతావి

అందరి కళ్లూ ముందు గ్లవ్స్, మాస్కుల మీద పడతాయి. పెద్ద కోత ఎక్కువసార్లు గది దగ్గర ఉంటుంది.

మొదట రోజుల లెక్క. చేరిన సమయం, డిశ్చార్జ్ సమయం బిల్లు మీద ఉంటాయి. కొన్ని ఆసుపత్రులు 24 గంటలను ఒక రోజుగా లెక్కిస్తాయి, కొన్ని హోటల్లాగా మధ్యాహ్నం 12 దాటితే మరో రోజు వేస్తాయి. ఏ పద్ధతో అడిగి, దాని ప్రకారమే వేశారో లేదో చూడండి. ఐసీయూలో ఉన్న రోజు వార్డు గది అద్దె కూడా పడిందేమో చూడండి. ఇది తరచూ కనిపించే పొరపాటు. అప్రూవల్ రావడానికి గంటలు పట్టి, ఆ ఆలస్యం వల్ల ఇంకో రోజు అద్దె పడితే దానికీ ఒక నియమం ఉంది. 2024 మేలో బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, ఆసుపత్రి డిశ్చార్జ్ అభ్యర్థన పంపిన 3 గంటల్లో కంపెనీ చివరి అప్రూవల్ ఇవ్వాలి. అది దాటి ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ డబ్బు కంపెనీయే భరించాలి. కాబట్టి ఆసుపత్రి ఎన్ని గంటలకు పంపిందో ఇన్సూరెన్స్ డెస్క్‌లో అడిగి రాసుకోండి. ఆలస్యం ఆసుపత్రిదా కంపెనీదా అన్నది ఆ ఒక్క సమయం మీదే తేలుతుంది.

తర్వాత మీ పాలసీ పరిమితి. మన కేసులో అర్హత 3,000, తీసుకున్నది 4,500 గది. తేడా 1,500 మాత్రమే కడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ఖరీదైన గదిలో డాక్టర్ ఫీజు, నర్సింగ్, ఆపరేషన్ థియేటర్ అంటే ఓటీ చార్జీలు కూడా ఎక్కువగా వేసే ఆసుపత్రులే ఎక్కువ. అందుకని కంపెనీ వాటిని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తుంది. 4,500లో 3,000 అంటే మూడింట రెండు వంతులు. కాబట్టి నర్సింగ్, డాక్టర్ విజిట్ కలిపి 1,500 అయితే 1,000 ఇచ్చి 500 కోస్తుంది. దీన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు.

ఈ నిష్పత్తి కోత అన్నింటి మీదా వేయకూడదు. 2020లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మందులు, కన్స్యూమబుల్స్, ఇంప్లాంట్లు, వైద్య పరికరాలు, పరీక్షలను దీన్నుంచి మినహాయించారు. ఐసీయూ చార్జీలకూ ఇది వర్తించదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రిలో అసలు ఈ కోతే వేయకూడదు. మీ అప్రూవల్ లెటర్లో మందుల మీదో, స్కానింగ్ మీదో మూడో వంతు ఎగిరిపోయిందంటే అక్కడ ప్రశ్నించండి.

ప్యాకేజీ మీద దీని ప్రభావం ఇంకోలా ఉంటుంది. నెట్‌వర్క్ ఆసుపత్రికి ఒకే ఆపరేషన్‌కు గదిని బట్టి వేర్వేరు ప్యాకేజీ రేట్లుంటాయి. మన కేసులో సింగిల్ రూమ్‌కు 80,000, ఇద్దరుండే షేరింగ్ రూమ్‌కు 68,000. అర్హత షేరింగ్ వరకే కాబట్టి కంపెనీ 68,000 ఇచ్చింది. 12,000 మనకు పడింది. అదనపు రోజు గది తేడా 1,500, నిష్పత్తి కోత 500 కలిపితే గది ఒక్కదాని వల్ల 14,000. ఇది చేరిన రోజు గది ఎంచుకున్నప్పుడే ఖాయమైపోయిన ఖర్చు, డిశ్చార్జ్ రోజు బతిమాలినా తగ్గదు. "నా పాలసీకి ఏ గది సరిపోతుంది?" అని చేరేటప్పుడే అడగాల్సింది ఇందుకే. అర్హత ఉన్న గది ఖాళీ లేక ఆసుపత్రే పై గదిలో పెడితే మాత్రం, ఆ మాట ఇన్సూరెన్స్ డెస్క్‌తో అప్పుడే రాయించి పెట్టుకోండి. తర్వాత ఎవరూ గుర్తుంచుకోరు.

ఐసీయూ కాని గది అద్దె రోజుకు 5,000 దాటితే 2022 జూలై నుంచి దాని మీద 5 శాతం జీఎస్టీ ఉంది. బిల్లులో ఆ వరుస కనబడితే కంగారుపడక్కర్లేదు. 4,500 గదికి కనబడితే మాత్రం అడగండి.

3. ప్యాకేజీలో ఉన్నది బయట మళ్లీ వేశారేమో చూడండి

అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చోవాల్సింది ఇక్కడే.

ఇలాంటి ఆపరేషన్ ప్యాకేజీలో మామూలుగా నిర్ణీత రోజుల గది అద్దె, సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, ఓటీ చార్జీ, ఆ రోజుల నర్సింగ్, ఓటీలో వాడే మామూలు మందులు, కన్స్యూమబుల్స్ కలిసి ఉంటాయి. బయట ఉండేవి సాధారణంగా బయాప్సీ, ప్యాకేజీ రోజులు దాటాక అయ్యే ఖర్చు, బీపీ, షుగర్ లాంటి వేరే జబ్బుల చికిత్స, ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షలు. ఈ గీత ఒక్కో ఆసుపత్రిలో ఒక్కో చోట ఉంటుంది. అందుకే కలిపినవీ కలపనివీ రాసిన కాగితం కావాలి. అది ఇవ్వకపోతే "ఈ కంపెనీతో మీకున్న ఈ ప్యాకేజీలో ఏమేం కలుస్తాయి?" అని ఇన్సూరెన్స్ డెస్క్‌కు ఈమెయిల్ పెట్టండి. ఆసుపత్రి బోర్డు మీదో వెబ్‌సైట్లోనో ఉన్న ప్యాకేజీ నగదు కట్టేవాళ్లకు. కంపెనీతో ఒప్పుకున్న ప్యాకేజీ అదే కావాలని లేదు. రెండింటినీ కలిపి వాదిస్తే మీ వాదనే పలచబడుతుంది.

కాగితం దొరికాక డీటెయిల్డ్ బిల్లులో ఆపరేషన్ జరిగిన తేదీ వేసి ఉన్న వరుసలన్నిటికీ పెన్సిల్‌తో గీత పెట్టండి. విభాగం అన్న చోట ఓటీ అని ఉన్నవాటిని ప్రత్యేకంగా చూడండి. ఆ తేదీన ఓటీలో వాడిన వస్తువు ప్యాకేజీ బయట విడిగా కనిపిస్తే, ఎందుకు వేశారో వాళ్లు చెప్పాలి.

మన కేసులో కన్స్యూమబుల్స్ 4,700ని విప్పితే నాలుగు వరుసలు వచ్చాయి: టైటానియం క్లిప్పులు 2,400, కెమెరా కవర్ 650, గ్లవ్స్ 1,050, పొట్టకు కట్టే బెల్టు 600. క్లిప్పులంటే పిత్తాశయం నుంచి వచ్చే నాళాన్నీ, రక్తనాళాన్నీ మూయడానికి పెట్టేవి. అవి లేకుండా సాధారణంగా ఈ ఆపరేషన్ జరగదు. కెమెరా కవర్ లాప్రోస్కోపీ కెమెరాకు తొడిగే ప్లాస్టిక్ తొడుగు. ఈ రెండూ ఆపరేషన్‌లో భాగమే. "ప్యాకేజీలో కలిసినవి" అని కంపెనీ ఈ 3,050ని కోసింది, సరిగ్గానే కోసింది. కాకపోతే ఆ కోత మీకు కాదు, ఆసుపత్రికి.

బయాప్సీ మాత్రం కాగితంలో ప్యాకేజీ బయటే ఉంది. విడిగా వేయడం తప్పు కాదు, కంపెనీ కూడా ఇచ్చింది. అన్నిటినీ అనుమానిస్తూ పోతే కౌంటర్లో మీ మాట ఎవరూ వినరు. రెండు మూడు గట్టి వరుసలు పట్టుకోండి.

4. కన్స్యూమబుల్స్, మందులు: జాబితాతో పోల్చండి

పాలసీ చివర నాలుగు జాబితాలుంటాయి. మొదటి దాంట్లో 68 వస్తువులు. గ్లవ్స్, మాస్కు, డైపర్, క్రేప్ బ్యాండేజీ, పొట్ట బెల్టు, థర్మామీటర్, నెబ్యులైజర్ కిట్, ఈసీజీ ఎలక్ట్రోడ్లు, మెడికల్ రికార్డ్స్ చార్జీ, వివరం లేని ఏ కిట్ అయినా ఇందులోకి వస్తాయి. కన్స్యూమబుల్స్ కవర్ అని అదనంగా కొనుక్కుని ఉంటే తప్ప కంపెనీ ఇవి ఇవ్వదు. ఆ కవర్ ఉందో లేదో షెడ్యూల్లో చూడండి. ఉండీ కోసేసిన కేసులూ ఉంటాయి.

మిగతా మూడు జాబితాలు చాలామంది చదవరు. డబ్బు మిగిలేది వాటి వల్లే. రెండోది గది అద్దెలో కలిసిపోవాల్సినవి: గౌన్లు, దుప్పటి, హౌస్‌కీపింగ్, ఏసీ చార్జీ, ఫైలు తెరిచే చార్జీ, పల్స్ ఆక్సీమీటర్ చార్జీ లాంటివి. మూడోది ఆపరేషన్ ఖర్చులో కలిసిపోవాల్సినవి: కెమెరా కవర్, సర్జికల్ బ్లేడ్లు, దూది, గాయానికి వేసే గాజ్ గుడ్డ, టేపు. నాలుగోది చికిత్స ఖర్చులో కలిసిపోవాల్సినవి: రిజిస్ట్రేషన్, యూరిన్ బ్యాగు, ఆల్కహాల్ స్వాబ్స్, ఇన్‌ఫ్యూజన్ పంపు లాంటివి. వీటిని విడిగా వేస్తే "ఇవి ఇప్పటికే వేసిన చార్జీలో కలిసి ఉండాలి కదా, తీసేయండి" అని అడగొచ్చు. మన కేసులో రిజిస్ట్రేషన్, ఫైలు కలిపి 500 అలాంటిదే. మెడికల్ రికార్డ్స్ 300 మొదటి జాబితాలోది కాబట్టి మనదే.

గ్లవ్స్ సంగతి కాస్త మెలికగా ఉంటుంది. అవి మొదటి జాబితాలో ఉన్నాయి కాబట్టి కంపెనీ 1,050 కోసింది. అది చూపించి ఆసుపత్రి "ఇన్సూరెన్స్ ఇవ్వదు, మీరే కట్టాలి" అంటుంది. కంపెనీ ఇవ్వకపోవడం ఒక సంగతి, ఆసుపత్రి మిమ్మల్ని అడగొచ్చా అన్నది వేరే సంగతి. తేదీ చూడండి. వార్డులో అదనంగా ఉన్న రోజు వాడినవైతే మీవే. ఆపరేషన్ తేదీన ఓటీలో వాడినవైతే, ప్యాకేజీ కాగితంలో "ఓటీ కన్స్యూమబుల్స్ కలిపి" అని ఉంటే, వాటి ధర 80,000లో ఇప్పటికే పడింది. మన బిల్లులో అన్నీ ఆపరేషన్ తేదీవే. ఇది అడిగి సాధించుకునే వరుస.

మందుల దగ్గర రెండే పనులు. వాపసు ఇచ్చిన మందుల స్లిప్పులు తీసి, వాటి మొత్తం బిల్లులో మైనస్‌గా పడిందో లేదో చూడండి. ఖరీదైన రెండు మూడు ఇంజెక్షన్లు తీసుకుని, బిల్లులో ఎన్ని వేశారో, నర్సు చార్టులో ఎన్ని ఇచ్చినట్టు రాశారో పోల్చండి. ప్రతి మాత్రనూ లెక్కపెట్టడం దండగ.

ఇంటికి తీసుకెళ్లే డిశ్చార్జ్ మందులు లోపలి బిల్లులో కలిపితే కంపెనీ తరచూ కోసేస్తుంది. వాటికి వేరే బిల్లు అడగండి. చాలా పాలసీల్లో డిశ్చార్జ్ తర్వాత కొన్ని రోజుల మందులకు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది, అప్పుడు పెట్టుకోవచ్చు.

5. చివరి అప్రూవల్ లెటర్ చదవండి

మొదటి అప్రూవల్ చూసి బెంబేలెత్తకండి. లక్షకు అభ్యర్థన పంపితే అరవై వేలకే వచ్చిందని గాభరాపడతారు. అది చికిత్స మొదలుపెట్టడానికి ఇచ్చిన తొలి మొత్తమే. ఖర్చు పెరిగితే ఇంకొంత మొత్తం మంజూరు చేయమని ఆసుపత్రి ఎన్‌హాన్స్‌మెంట్ అడుగుతుంది, చివరి బిల్లు వెళ్లాక చివరి అప్రూవల్ వస్తుంది. లెక్కకు పనికొచ్చేది ఆ చివరి లెటరే. ఇన్సూరెన్స్ డెస్క్ నోటితో చెప్పిన మొత్తం కాకుండా లెటర్ కాపీయే తీసుకోండి. చాలాసార్లు మీ ఫోనుకో, కంపెనీ యాప్‌లోకో కూడా వస్తుంది.

మన కేసులో 99,000 మీద కంపెనీ లెక్క ఇది. గది వల్ల 14,000, చెల్లించని వస్తువులు 1,950 (గ్లవ్స్, బెల్టు, మెడికల్ రికార్డ్స్), ప్యాకేజీలో కలిసినవి 3,050, రిజిస్ట్రేషన్ 500. ఇవి పోగా 79,500. అందులో ఆసుపత్రి ఒప్పంద డిస్కౌంట్ 2,500 తీస్తే 77,000. దాని మీద 10 శాతం కో-పే 7,700. చివరికి ఇచ్చింది 69,300.

ఇక్కడ డిస్కౌంట్ వరుస చూడండి. అది కంపెనీకి తగ్గించి ఇస్తానని ఆసుపత్రి ఒప్పుకున్నది. దాన్ని మీ దగ్గర వసూలు చేస్తే ఇక అది డిస్కౌంటే కాదు. కౌంటర్ తీసివేత మాత్రం నిశ్శబ్దంగా మీ ఖాతాలో వేసేస్తుంది. బిల్లింగ్‌లో ఉన్నవాళ్లు కావాలని చేస్తారని అనను. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో "పేషెంట్ చెల్లించాల్సింది" అన్న గడి మామూలుగా తీసివేతతోనే నిండుతుంది, డిస్కౌంటును వేరే చోట నమోదు చేస్తే తప్ప.

అదే లెటర్ కింది భాగంలో చిన్న అక్షరాల్లో షరతులుంటాయి. ఒప్పుకున్న ప్యాకేజీ రేటుకు మించి రోగి దగ్గర నెట్‌వర్క్ ఆసుపత్రి వసూలు చేయకూడదని, పాలసీలో చెల్లని మొత్తాలు, పై గది తీసుకున్నందుకు పడే తేడా మాత్రమే మినహాయింపని మామూలుగా అందులో ఉంటుంది. డిపాజిట్‌లోంచి కూడా చెల్లని మొత్తాలకు తప్ప కోసుకోకూడదని ఉంటుంది. ఆ వాక్యాలు కౌంటర్లో చూపించండి. పెద్ద గొంతు కన్నా అవే ఎక్కువ పని చేస్తాయి.

6. రెండు గడులు గీసి ప్రతి కోతనూ ఒకదాంట్లో వేయండి

నేను కట్టాల్సినవి:
- గది వల్ల: 14,000
- చెల్లించని వస్తువులు: 1,950
- కో-పే: 7,700
- మొత్తం: 23,650

ఆసుపత్రి వదులుకోవాల్సినవి:
- ప్యాకేజీలో ఉండి మళ్లీ వేసినవి: 3,050
- రిజిస్ట్రేషన్, ఫైలు: 500
- ఒప్పంద డిస్కౌంట్: 2,500
- మొత్తం: 6,050

సరిచూసుకోవడం ఎలాగంటే, రెండు గడుల మొత్తమూ కంపెనీ ఇచ్చిందీ కలిపితే బిల్లు మొత్తం రావాలి. 23,650, 6,050, 69,300 కలిపితే 99,000. సరిపోయింది. సరిపోలేదంటే ఏదో కోత లెటర్లో వివరం లేకుండా పోయిందన్నమాట. "ఇతరములు" అన్న పేరుతో ఉన్న అంకెను విప్పమని అడగండి.

గ్లవ్స్ వాదన కూడా నెగ్గితే 1,050 రెండో గడిలోకి పోతుంది, మీరు కట్టేది 22,600 అవుతుంది.

7. ఇప్పుడు డిపాజిట్

డిపాజిట్ ఖర్చు కాదు, మీ డబ్బే అక్కడ దాచినట్టు. దాన్ని చివర్లో తీయాలి, మధ్యలో కలపకూడదు. కౌంటర్ లెక్కలో 99,000లోంచి 69,300 పోతే 29,700. డిపాజిట్ 20,000 పోను ఇంకా 9,700 కట్టమన్నారు. మన లెక్కలో 23,650లోంచి 20,000 పోతే కట్టాల్సింది 3,650. గ్లవ్స్ కూడా తీసేస్తే 2,600.

రెండు మూడు విడతల్లో కట్టి ఉంటే రసీదులన్నీ బిల్లులో కనిపిస్తున్నాయో చూడండి. రాత్రి పూట ఎమర్జెన్సీ కౌంటర్లో కట్టినవి, ఫార్మసీలో చేత్తో కట్టినవి తప్పిపోతుంటాయి. "కంపెనీ నుంచి డబ్బు వచ్చాకే డిపాజిట్ ఇస్తాం" అనే ఆసుపత్రులున్నాయి. చివరి అప్రూవల్ చేతికొచ్చాక అలా పట్టుకోవడానికి కారణమేంటో, ఏ తేదీకి ఇస్తారో రాసివ్వమనండి. ఒరిజినల్ రసీదు మాత్రం డబ్బు అందేదాకా వదలకండి, ఫొటో తీసుకునే ఇవ్వండి.

8. ఒప్పుకోకపోతే

మొదట ఇన్సూరెన్స్ డెస్క్‌లో, తర్వాత బిల్లింగ్ మేనేజర్ దగ్గర. నోటితో కాదు, రాసి. ఇలా రాస్తే చాలు:

"ఫలానా ఐపీ నంబరు బిల్లులో ఆపరేషన్ తేదీన వేసిన క్లిప్పులు, కెమెరా కవర్, గ్లవ్స్ ప్యాకేజీలో కలిసి ఉన్నాయి. రిజిస్ట్రేషన్, ఫైలు చార్జీ 500 విడిగా వేయాల్సినది కాదు. అప్రూవల్ లెటర్లో చూపిన ఒప్పంద డిస్కౌంట్ 2,500 కూడా నా మీద వేశారు. వీటిని తీసి సవరించిన బిల్లు ఇవ్వండి. తీయకపోతే, ప్రతి మొత్తాన్నీ నా దగ్గర ఎందుకు వసూలు చేస్తున్నారో రాతపూర్వకంగా తెలపండి."

చివరి వాక్యం ముఖ్యం. కారణం రాసివ్వడం కన్నా బిల్లు సవరించడమే తేలికని చాలాచోట్ల అనుకుంటారు.

అయినా వినకపోతే, రోగిని అక్కడే ఉంచి గొడవపడకండి. బిల్లు విషయంలో వివాదం ఉందని చెప్పి రోగిని ఆపకూడదని రోగుల హక్కుల పత్రం చెబుతుంది. కానీ అలసిపోయిన రోగి పక్కనుండగా ఆ వాదన ఎవరికి కావాలి? అడిగింది కట్టి, రసీదు మీద "అభ్యంతరంతో చెల్లించాను" అని రాయించుకుని ఇంటికి రండి. రసీదు మీద రాయనివ్వకపోతే అదే రోజు ఈమెయిల్‌లో ఆ మాట పెట్టండి.

తర్వాత ఫిర్యాదు ఎవరికి పెట్టాలన్నది ఏ కోత గురించో దాన్ని బట్టి ఉంటుంది. రెండో గడిలోవి ఆసుపత్రి వసూలు చేసినవి కాబట్టి, లెటర్, బిల్లు, రసీదు జతచేసి ఇన్సూరెన్స్ కంపెనీకి రాయండి. ఎక్కువ వసూలు చేసిన మొత్తాన్ని ఆసుపత్రి నుంచి రాబట్టి మీకిచ్చే అధికారం తమకుందని లెటర్ షరతుల్లో సాధారణంగా కంపెనీయే రాసుకుంటుంది. కంపెనీయే తప్పు కోత పెడితే, అంటే మందుల మీద నిష్పత్తి కోత వేయడమో, కన్స్యూమబుల్స్ కవర్ ఉండీ ఇవ్వకపోవడమో అయితే, ఆ కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి. అక్కడ తేలకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో లేదా 155255కు ఫోన్ చేసి నమోదు చేయొచ్చు.

కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. అక్కడ మీతో ఉండాల్సింది ఆ రెండు గడుల కాగితమూ, దానికి జతగా పెన్సిల్ గీతలున్న డీటెయిల్డ్ బిల్లూ.